చెల్లెలి నికాహ్‌కు అన్నదమ్ముల కానుక: హిబా, న్యోతా, వాటా

పెళ్ళిపందిట్లో ఒక పక్కన బల్ల వేసుకొని, ఎవరెవరు ఎంత చదివించారో నోటుపుస్తకంలో వ్రాసుకునే ఆనవాయితీ తెలుగుజిల్లాల్లో చాలాకాలంగా ఉన్నది. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు దీనినే న్యోతా అంటాయి. తెలుగులో చదివింపులు అంటారు. పేరు ఏదైనా ముస్లిముల ఇళ్ళలోనూ ఆ పుస్తకం ఉంటున్నది. అందులో చిన్నాన్న కొడుకుల పేరు పక్కన ఫ్రిజ్ అని, మేనమామ కొడుకుల పేరు పక్కన ఇనుప బీరువా అని వ్రాసి ఉంటుంది. ఇక పెళ్ళికూతురికి స్వయానా తోడబుట్టిన అన్న ఏమివ్వాలి?

ఈ ప్రశ్నకు ఇళ్ళలో సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. చిన్నాన్న కొడుకులే పదివేలు ఇస్తున్నప్పుడు సొంత అన్న అంతకు మించకపోతే నలుగురిలో తలవంపులు అన్నది ఒకటి. పెళ్ళి ఖర్చంతా అన్నే భరిస్తున్నాడు గనుక వేరే కానుక ఎందుకు అన్నది రెండవది. ఈ రెండూ ఆ నోటుపుస్తకాన్ని కొలబద్దగా తీసుకున్న సమాధానాలే. ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్రం) మాత్రం వేరొక చోట మొదలుపెడుతుంది. చేతులు మారుతున్న ఈ వస్తువు కానుకా, అప్పా, లేక ఎప్పటినుంచో చెల్లించవలసి ఉన్న హక్కా అని అది ముందుగా అడుగుతుంది. ఈ మూడింటిని విడదీయకుండా న్యాయం గురించి మాట్లాడడం సాధ్యం కాదు.

పెళ్ళికానుక అన్నది హదీసు గ్రంథాలలో చోటు చేసుకున్న విషయమే. ఇమాం బుఖారీ తన సహీహ్‌లోని నికాహ్ ప్రకరణంలో దీనికి ప్రత్యేకంగా ఒక శీర్షిక పెట్టారు. దాని కింద హజ్రత్ అనస్ (రజి) తమ తల్లి ఉమ్మె సులైమ్ (రజి) గురించి చెప్పిన సంఘటన ఉన్నది. దైవప్రవక్త (స)కు హజ్రత్ జైనబ్ (రజి)తో వివాహమైన సందర్భంలో ఉమ్మె సులైమ్ ఖర్జూరాలు, నెయ్యి, ఎండబెట్టిన పెరుగు కలిపి 'హైస్' అనే వంటకం తయారుచేసి, కుమారుని చేతికిచ్చి పంపించారు. ఇది తమ తరఫు నుంచి చిన్న కానుక అని చెప్పమన్నట్లు ముస్లిం ఉల్లేఖనంలో ఉన్నది. దైవప్రవక్త (స) దానిని స్వీకరించి జనాన్ని పిలిపించారు. సుమారు 300 మంది వచ్చి తిన్నారని అనస్ చెప్పారు. ఆ వంటకంలో కలిగిన బర్కత్ ప్రవక్త మహిమ. దాని సంగతి అటుంచితే, కానుక స్వభావం మాత్రం అందరికీ ఆదర్శమే. అది ఆ ఇంట్లో ఉన్నదానితో తయారైనది. ఆ వేళకు ఆ ఇంటికి పనికివచ్చినది. చిన్నదని ఒప్పుకోవడానికి ఇచ్చినవారు సిగ్గుపడలేదు. దానికి బదులు ఎప్పుడు వస్తుందని లెక్క వ్రాసుకోనూ లేదు.

బంధువులు ఇచ్చేదాని సంగతి మొదట చూడాలి. చిన్నాన్న కొడుకులు, మేనమామ కొడుకులు ప్రేమతో ఇస్తే అది హదియా, అనగా కానుక. కాని చదివింపుల పుస్తకంలోకి ఎక్కినదంతా కానుక కాదు. దమస్కుకు చెందిన హనఫీ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) తన 'రద్దుల్ ముహ్తార్' గ్రంథంలోని హిబా ప్రకరణంలో, పెళ్ళిళ్ళలో పంపుకునే వస్తువుల గురించి పూర్వపు ఫత్వాలను ఆధారం చేసుకొని ఈ విషయం చర్చించారు. ఆ ప్రాంతపు ఆనవాయితీలో అవి తిరిగి ఇవ్వవలసినవిగా పరిగణింపబడుతుంటే వాటికి అప్పు నియమం వర్తిస్తుంది. అటువంటి అపేక్ష లేకపోతే అవి కానుకలు. అనగా ఇచ్చేటప్పుడు నోటితో ఏమన్నారన్నది ఒక్కటే చాలదు, ఆనవాయితీ ఏమి చెబుతున్నదో కూడా చూడాలి.

ఏది అప్పో గుర్తించడం కష్టం కాదు. ఇచ్చినవారి ఇంట్లో పెళ్ళి వచ్చినప్పుడు పాత పుస్తకం తీసి చూస్తున్నారా? అందులో ఉన్నదానికంటే తక్కువ చదివిస్తే నిష్ఠూరం వస్తున్నదా? పుచ్చుకున్నవాడు చనిపోతే, ఆ మొత్తం తిరిగి చదివించవలసిన బాధ్యత తమ మీద ఉన్నదని కొడుకులు అనుకుంటున్నారా? ఈ ప్రశ్నలకు అవునని సమాధానం వస్తే అది కానుక వేషంలో ఉన్న అప్పు. అడగకుండానే, అవసరం లేకుండానే నెత్తిన పడిన అప్పు. తీసుకున్నదానికి కొంత పైన వేసి తిరిగి చదివించాలన్న కట్టుబాటు ఉన్నచోట పరిస్థితి ఇంకా చెడుతుంది. అప్పుమీద కట్టుబాటుగా పుచ్చుకునే అదనం రిబా (వడ్డీ) క్రిందికే వస్తుంది. తిరిగి ఎక్కువ రావాలని ఇచ్చేది అల్లాహ్ దగ్గర వృద్ధి చెందదన్న అర్‌రూమ్ సూరా 39వ ఆయతు భావాన్ని ప్రాచీన వ్యాఖ్యాతల్లో పలువురు ఇటువంటి కానుకలకే అన్వయించారు. మౌలానా అష్రఫ్ అలీ థానవీ 'బిహిష్తీ జేవర్'లో న్యోతాను గట్టిగా ఖండించడానికి కూడా కారణం ఇదే. బంధువులు ఒకరికొకరు ఇచ్చుకోకూడదని ఆయన ఉద్దేశం కాదు. ఇవ్వడం పేరుతో అప్పులు పెట్టుకోవడమే ఆయనకు అభ్యంతరం.

ఇక తోబుట్టువు ఇచ్చేదానికి వద్దాం. పినతండ్రి కొడుకు ఇచ్చినదానికి, సొంత అన్న ఇచ్చినదానికి మధ్య హనఫీ ఫిఖ్‌హ్‌లో ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. అది చాలామంది దృష్టికి రాదు. కానుక (హిబా) పూర్తి కావాలంటే ఇస్తున్నానని ఒకరు చెప్పాలి, పుచ్చుకుంటున్నానని మరొకరు అంగీకరించాలి, వస్తువు పుచ్చుకున్నవారి స్వాధీనంలోకి రావాలి. ఈ స్వాధీనాన్నే ఖబ్జా అంటారు. ఖబ్జా పూర్తయిన తరువాత కూడా, కొన్ని సందర్భాల్లో, ఇచ్చినవాడు పరస్పర అంగీకారంతో గాని, ఖాజీ తీర్పుతో గాని దానిని వెనక్కి తీసుకోవచ్చునని హనఫీలు అంటారు. అది ఎంతో హేయమైన పని అని కూడా వారే అంటారు. ఇచ్చినది తిరిగి తీసుకునేవాణ్ణి కక్కినదాన్ని తిరిగి తినే కుక్కతో దైవప్రవక్త (స) పోల్చారు. అయితే పెండ్లియాడరాని రక్తబంధువుకు, అనగా మహ్రం అయిన రక్తసంబంధికి, ఇచ్చిన కానుకను వెనక్కి తీసుకునే దారి చట్టరీత్యానే మూసుకుపోతుంది. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు ఈ కోవలోకి వస్తారు. పినతండ్రి, మేనమామ, మేనత్త, పినతల్లి సంతానం ఈ కోవలోకి రారు, ఎందుకంటే వారితో వివాహం ధర్మసమ్మతమే. కనుక చిన్నాన్న కొడుకు ఇచ్చిన బీరువా విషయంలో కనీసం సిద్ధాంతరీత్యా మిగిలి ఉండే వీలు, అన్న ఇచ్చిన డేగిసా విషయంలో లేదు. చెల్లెలి చేతిలో పడిన క్షణం నుంచి అది శాశ్వతంగా ఆమెదే. మిగతా మజ్‌హబ్‌ల వారు తండ్రివంటి పెద్దలకు తప్ప మరెవరికీ ఖబ్జా తరువాత వెనక్కి తీసుకునే వీలు ఇవ్వరు. వారి దృష్టిలో అన్నకు గాని, చిన్నాన్న కొడుకుకు గాని ఆ అవకాశం లేదు.

ఈ తేడా వెనుక ఉన్న కారణం గమనింపదగినది. రక్తసంబంధికి ఇచ్చే కానుక ఉద్దేశం సిలె రహ్మీ, అనగా బంధుత్వాన్ని కలిపి ఉంచడం. ఇచ్చిన క్షణంలోనే ఆ ప్రయోజనం నెరవేరింది. ప్రతిఫలం అందినట్లే గనుక ఇక వెనక్కి తీసుకోవడానికి ఏమీ లేదని ఫుఖహాల తర్కం. అన్న కానుక పరాయివారి కానుకతో పోటీపడవలసిన అవసరం లేకపోవడానికి ఇంతకంటే బలమైన ఆధారం వెతకనక్కరలేదు. దాని విలువ వస్తువు ధరలో లేదు.

అన్నకు, దాయాదికి మధ్య ఇంకొక తేడా ఉన్నది. పెళ్ళికాని చెల్లెలికి సొంత ఆదాయం లేకపోతే, ఆమెను పోషించవలసిన బాధ్యత హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం స్తోమతుగల అన్నదమ్ముల మీద ఉంటుంది. చిన్నాన్న కొడుకుమీద ఉండదు. చిన్నాన్న కొడుకు ఏమిచ్చినా అది పూర్తిగా అతని ఔదార్యమే. అన్న విషయంలో అలా కాదు. అతడు ఇచ్చేదానిలో కొంత ఇదివరకే ఆమెకు హక్కుగా రావలసినది అయి ఉండవచ్చు. ఆ హక్కును కానుకగా చూపించడంలోనే సిసలైన అన్యాయం జరుగుతుంది.

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. రాయచోటి వంటి పట్టణంలో గిన్నెల అంగడి నడుపుకునే పెద్దన్న. కువైట్‌లో పనిచేస్తున్న తమ్ముడు. తండ్రి బ్రతికి ఉండగానే పెళ్ళయిపోయిన పెద్ద చెల్లెలు. ఇప్పుడు నికాహ్ కాబోతున్న చిన్న చెల్లెలు. తల్లి ఉన్నది, తండ్రి చనిపోయి నాలుగేళ్ళయింది. తండ్రి వదిలివెళ్ళినది 17 లక్షల విలువచేసే ఇల్లు, దాని పక్కన 7 లక్షల విలువచేసే ఖాళీ స్థలం. అప్పులు, తల్లికి రావలసిన మహర్ తీర్చివేయగా మిగిలినది ఇదే అనుకుందాం. నాలుగేళ్ళుగా ఎవరూ పంపకం మాట ఎత్తలేదు. చిన్నాన్న కొడుకులు ముగ్గురు, మేనమామ కొడుకులు ఇద్దరు, మొత్తం అయిదుగురు తలా పదివేలు ఇస్తామన్నారు. ఆ యాభై వేలతో ఫ్రిజ్, బీరువా కొనాలని పెద్దలు అనుకున్నారు. కువైట్ తమ్ముడు మూడు తులాల బంగారం తెస్తానన్నాడు. పెద్దన్న చేతిలో ఎనిమిది వేలకు మించి లేవు. దాయాదులకంటే తక్కువ ఇస్తే పరువు పోతుందని అతడు వడ్డీకి పాతికవేలు తేవాలని ఆలోచిస్తున్నాడు. ఇంకొక వైపు, షాదీమహల్ అద్దెతో, భోజనాలతో కలిపి పెళ్ళికి నాలుగు లక్షలు అవుతున్నది గనుక ఇక ఇంట్లో చిన్నదానికి వాటా ఏముంటుంది అన్న మాట బంధువులలో పుట్టింది. ఆ పిల్ల, "నాకేమీ వద్దు భాయీ, మీరిద్దరూ చల్లగా ఉంటే అంతే చాలు" అన్నది. అందరూ ఆమె మంచితనాన్ని మెచ్చుకున్నారు.

ఇక్కడ మొదట తేల్చవలసినది ఆ మెప్పుకోలు సంగతే. తండ్రి చనిపోయిన రోజునే అతని ఆస్తిలో ఆమె వాటా ఆమె సొత్తు అయింది. కుమారునికి ఇద్దరు కుమార్తెల వాటా అన్న అన్నిసా సూరా 11వ ఆయతు నియమం ప్రకారం లెక్క ఇలా వస్తుంది. మొత్తం 24 లక్షలలో తల్లికి ఎనిమిదవ వంతు, అనగా 3 లక్షలు. మిగిలిన 21 లక్షలను ఆరు భాగాలు చేస్తే ఒక్కో భాగం మూడున్నర లక్షలు. అన్నదమ్ములకు చెరి రెండు భాగాల చొప్పున ఏడేసి లక్షలు. అక్కచెల్లెళ్ళకు చెరొక భాగం, అనగా మూడున్నర లక్షలు. ఇందులో ఏ అన్న దయాదాక్షిణ్యాలూ లేవు.

మరి ఆమె వద్దన్నది కదా? వారసుడు నా హక్కు వదిలేశానని నోటితో అన్నంత మాత్రాన అతని హక్కు రద్దు కాదని ఈజిప్టుకు చెందిన హనఫీ పండితుడు ఇబ్నె నుజైమ్ (16వ శతాబ్ది) స్పష్టంగా వ్రాశారు. పైగా అది కానుకగానైనా నిలవదు. హిబాకు వస్తువు విడిగా ఉండాలి, ఖబ్జా జరగాలి. పంచుకోవడానికి వీలున్న ఆస్తిలో పంచకుండా ఉన్న భాగాన్ని (ముషాఅ్) కానుకగా ఇవ్వడాన్ని హనఫీలు చెల్లుబాటుగా ఒప్పుకోరు. తన చేతికి ఎన్నడూ రాని, ఎక్కడ ఉన్నదో గీత గీయని భూమిని ఆ పిల్ల అన్నలకు ఎలా ఇస్తుంది? ముందు వాటా విడదీసి ఆమెకు అప్పగించాలి. ఆ తరువాత ఎవరి ఒత్తిడీ లేకుండా, సిగ్గు అడ్డం రాకుండా, తనకు తోచితే అందులో కొంత ఇచ్చుకోవచ్చు. లేదా వారసులందరి అంగీకారంతో ఒక తెలిసిన వస్తువు పుచ్చుకొని వాటానుంచి తప్పుకునే 'తఖారుజ్' పద్ధతి కూడా ఉన్నది. ఫ్రిజ్ చూపించి మౌనంగా ఉండేలా చేయడం తఖారుజ్ కాదు.

నాలుగు లక్షల ఖర్చు సంగతి కూడా ఇటువంటిదే. అడగకుండా, అప్పుగా ఇస్తున్నామని ముందు చెప్పకుండా ఇంకొకరి కోసం ఖర్చు పెట్టినవాణ్ణి ఫుఖహా 'ముతబర్రిఅ్' (స్వచ్ఛందంగా ఇచ్చినవాడు) అంటారు. అతనికి తరువాత దానిని రాబట్టుకునే హక్కు ఉండదు. షాదీమహల్ కావాలని అన్నలు అనుకున్నారు, పెళ్ళికూతురు కాదు. వధువు వైపువారు విందు పెట్టాలన్న విధి షరీఅత్‌లో లేదు. వలీమా వరునిది. పెద్ద చెల్లెలి పెళ్ళి ఖర్చు తండ్రి తన జీవితకాలంలో తన సొమ్ముతో పెట్టుకున్నాడు గనుక అది ఆమె వాటాలో కోతపడదు. అటువంటప్పుడు చిన్నదాని పెళ్ళి ఖర్చు మాత్రం ఆమె వాటాలో కోస్తే, ఒకే ఇంటి ఆడపిల్లలిద్దరికీ రెండు న్యాయాలు అవుతాయి.

అందువల్ల ఈ ఇంట్లో చేయవలసిన పని ఇది. ఖాళీ స్థలం విలువ ఏడు లక్షలు. అక్కచెల్లెళ్ళిద్దరి వాటాలు కలిపితే వచ్చేది సరిగ్గా అంతే. తల్లి, అన్నదమ్ములు ఇంటిని ఉంచుకొని, స్థలాన్ని సర్వేయరుతో కొలిపించి, రెండు ముక్కలు చేసి చెరొకరికి అప్పగిస్తే లెక్క సరిపోతుంది. దానికి భాగపరిష్కార దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయించాలి. ఆ పని పెళ్ళికి ముందే జరగాలి. ఎందుకంటే పెళ్ళయ్యాక అడిగే చెల్లెలు అత్తింటివారు ఎగదోస్తే వచ్చినట్లు కనిపిస్తుంది, ఇచ్చే అన్నలు బలవంతం మీద ఇచ్చినట్లు కనిపిస్తారు. ఈ దస్తావేజు పెళ్ళికానుక కాదు. చదివింపుల పుస్తకంలో దీనికి చోటు లేదు. అయితే దాని వ్రాత ఖర్చు, కొలత ఖర్చు, ఆఫీసు చుట్టూ తిరిగే శ్రమ వారసులందరూ పంచుకోవలసినవి. చెల్లెళ్ళ భాగాన్ని అన్నలు తామే భరిస్తే అంతమేరకు అది నిజమైన కానుక అవుతుంది.

ఇక మిగిలినది అసలైన కానుక. పెద్దన్న ఎనిమిది వేలు చాలవా? చాలు. అతడు గిన్నెల అంగడివాడు. కళాయి వేసిన పెద్ద రాగి డేగిసా ఒకటి, దానికి మూత, గరిటె తన అంగట్లోంచే అసలు ధరకు తీసి ఇవ్వగలడు. ఆ ఇంటి బిర్యానీ వండడం చెల్లెలు తల్లి దగ్గర నేర్చుకున్నది రాగి డేగిసాలోనే. ఏ గిన్నె మందంగా ఉంటుందో, ఏది రెండేళ్ళకు అడుగు పోతుందో అన్నకు తెలిసినట్లు దాయాదులకు తెలియదు. కళాయి పోయినప్పుడల్లా తెచ్చి ఇస్తే మళ్ళీ వేయించి ఇస్తానన్న మాట కూడా దానితో ఇవ్వగలడు. వడ్డీకి తెచ్చిన పాతికవేల బీరువాలో ఇవేవీ ఉండవు. అతడు మూడేళ్ళపాటు కట్టే వడ్డీ మాత్రం ఉంటుంది. కానుకకోసం రిబాలో దిగడం నిషిద్ధం నెత్తికెత్తుకొని ముస్తహబ్ చేయబోవడమే. ముఖ్యంగా యువకులు ఈ ఊబిలోనే పడుతున్నారు.

తమ్ముడు మూడు తులాలు ఇస్తుండగా అన్న గిన్నె ఇవ్వడం న్యాయమా అన్న సందేహం మిగులుతుంది. తండ్రి ఒక కుమారునికి మాత్రమే కానుక ఇవ్వగా, మిగతా సంతానానికీ ఇలాగే ఇచ్చావా అని దైవప్రవక్త (స) అడిగి, సంతానం మధ్య న్యాయం చేయమన్న హదీసు హజ్రత్ నుఅ్మాన్ బిన్ బషీర్ (రజి) సంఘటనగా ప్రసిద్ధం. కాని ఆ సమానత్వపు ఆదేశం ఇచ్చే తండ్రికి సంబంధించినది. దానిని విధి అన్నవారున్నారు, అభిలషణీయం అన్నవారున్నారు. తోబుట్టువులు ఒకరికొకరు ఇచ్చుకునేటప్పుడు అందరూ సమానంగా ఇవ్వాలని ఎవరూ అనలేదు. ఇక్కడ న్యాయం స్తోమతును బట్టి ఉంటుంది. నెలకు ఇరవై వేలు మిగలని అంగడివాని ఎనిమిది వేలు, గల్ఫ్ జీతగాని మూడు తులాలకు తీసిపోవు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. తల్లి తన సొమ్ము పెద్దకొడుకు చేతికిచ్చి, "నీ పేరుమీద ఇవ్వు" అంటే అది కొడుకు కానుక కాదు, తల్లి కానుక. అప్పుడు సంతానం మధ్య న్యాయం అన్న ప్రశ్న ఆమెకు తిరిగి వస్తుంది. పెద్ద చెల్లెలికి ఏమిచ్చిందన్నది ఆమె చూసుకోవాలి.

అన్నదమ్ముల మధ్య పోలిక రాకూడదనుకుంటే మార్గం ఉన్నది. ఇద్దరు కలిసి ఒకే వ్యక్తికి ఇచ్చే కానుక హనఫీ ఫిఖ్‌హ్‌లో నిస్సందేహంగా చెల్లుతుంది. బంగారం, డేగిసా రెండింటినీ ఒకే పళ్ళెంలో పెట్టి, ఇద్దరి పేరుమీద, ఎవరిది ఏదో చెప్పకుండా అప్పగించవచ్చు. పెళ్ళయి వెళ్ళిపోయిన పెద్ద చెల్లెలు తాను కుట్టిన దుప్పటి అందులో పెడితే ముగ్గురి కానుక అవుతుంది. పందిట్లో మైకులో ధరలు చదవడం మాత్రం ఉండకూడదు. దెప్పిపొడుపుతో, బాధపెట్టడంతో దానాలను వృథా చేసుకోవద్దని అల్‌బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తున్నది. ధర చాటడం దెప్పిపొడుపుకు మొదటి మెట్టు.

దాయాదుల యాభై వేల సంగతి ఇంకా తేలలేదు. ఆ అయిదుగురిలో మేనమామ కొడుకులిద్దరి విషయం వేరు. వారి పెళ్ళిళ్ళలో ఈ పిల్ల తండ్రి చెరి రెండువేలు చదివించినట్లు పాత పుస్తకంలో ఉన్నది. ఆ ఊళ్ళో అది తిరిగి ఇవ్వవలసినదిగా లెక్కించే ఆనవాయితీ ఉంటే, ఆ నాలుగు వేలు చనిపోయిన తండ్రికి రావలసిన బాకీ. అనగా వారసులందరి సొమ్ము, పెళ్ళికూతురిది ఒక్కదానిది కాదు. తల్లి, అన్నదమ్ములు, అక్క సంతోషంగా ఆమెకు ఇచ్చివేస్తేనే అది ఆమెదవుతుంది. మిగిలిన పదహారు వేలు అపేక్ష లేకుండా ఇచ్చినవైతే కానుక. చిన్నాన్న కొడుకుల ముప్పై వేల విషయంలో పెద్దన్న పుచ్చుకునేటప్పుడే ఒక మాట స్పష్టంగా అడగడం మంచిది. ఇది హదియాయేనా, లేక రేపు తిరిగి చదివించవలసినదా? హదియా అయితే పుస్తకంలో వ్రాయనవసరం లేదు. అప్పు అయితే, అక్కరలేదని మర్యాదగా చెప్పి తిరిగి ఇవ్వవచ్చు. పాత పుస్తకాల్లో ఇప్పటికే ఉన్న బాకీలను మాత్రం ఎంతకు అంత చెల్లించి తీరాలి. ఈ ఆనవాయితీ తప్పు గనుక ఇక ఇవ్వమనడం బాకీ ఎగవేయడమే అవుతుంది.

ఎవరికి ఇస్తున్నారన్నది కూడా పలుకుతూ ఇవ్వాలి. పంచడానికి వీలైన వస్తువును, నగదువంటిదానిని, ఇద్దరికీ కలిపి ఇవ్వడం చెల్లదని ఇమాం అబూ హనీఫా, చెల్లుతుందని ఆయన శిష్యులిద్దరూ అన్నారు. వధూవరులకు అని కవరుమీద వ్రాసి ఇచ్చే బదులు చెల్లెలికి అని చెప్పి ఆమె చేతికే ఇస్తే ఆ వివాదానికి తావుండదు. బంగారాన్ని అత్తగారి చేతికో, వరుని తండ్రి చేతికో అందిస్తే ఆమె ఖబ్జా జరిగిందా లేదా అన్న ప్రశ్న ఎప్పటికీ మిగిలిపోతుంది.

భారతదేశపు చట్టం కూడా ఇక్కడ తోడ్పడుతుంది. 1961 వరకట్న నిషేధ చట్టం అడగకుండా ఇచ్చే కానుకలను అనుమతిస్తుంది. అయితే వాటిని జాబితాలో వ్రాయాలనీ, వధువు వైపువారు ఇచ్చేవి ఆనవాయితీకి లోబడి, ఇచ్చేవారి ఆర్థిక స్తోమతుకు మించకుండా ఉండాలనీ షరతు పెట్టింది. 1985లో చేసిన నియమాల ప్రకారం ఆ జాబితాలో వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువైతే బంధుత్వం వ్రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఒకవేళ దురదృష్టవశాత్తు తలాఖ్ జరిగితే, పెళ్ళికి ముందు గాని, పెళ్ళి సమయంలో గాని, తరువాత గాని బంధుమిత్రులు ఆమెకు ఇచ్చిన ఆస్తులన్నీ ఆమెకే చెందుతాయని 1986 నాటి ముస్లిం మహిళల చట్టం చెబుతున్నది. కాబట్టి పందిట్లో వ్రాయవలసిన పుస్తకం ఒకటి నిజంగానే ఉన్నది. దానిలోని లెక్క ఎవరు ఎవరికి బాకీ అని కాదు, ఏది పెళ్ళికూతురిది అని. దాని అసలు ప్రతి ఆమె దగ్గర, నకలు పెద్దన్న దగ్గర ఉంచుకోవాలి.